గడప దాటని జిరాక్సు మిషను

అరుణ కొన్న జిరాక్సు మిషను ఆమె ఇంట్లోకి పట్టలేదు.

పెనుకొండలో రెవెన్యూ ఆఫీసుకు పోయే సందులో, మా ఇంటి ఎదురుగానే వాళ్ల ఇల్లు. ముందు గదిలో ఏ మూల మిషను పెట్టాలో, ఏ మూల కంప్యూటరు పెట్టాలో ఆమె నెల రోజుల ముందే నేల మీద సుద్దముక్కతో గీసుకుంది. గది కొలిచింది, గోడ కొలిచింది, ప్లగ్గు ఎత్తు కూడా కొలిచింది. వాకిలి మాత్రం కొలవలేదు. హిందూపురం నుంచి లగేజీ ఆటోలో వచ్చిన మిషనును నలుగురు మనుషులు అరుగు మీదికి ఎత్తి, గడప దగ్గరికి తెచ్చి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పి చూసి చేతులెత్తేశారు. ఆఫీసుల్లో వాడి తీసేసిన పెద్ద మిషను అది. దాని నడుము మన ఇళ్ల వాకిళ్ల కోసం తయారైంది కాదు.

అరుణ మామ మారప్ప మీసం దువ్వుకుంటూ చూస్తున్నాడు. జీవితమంతా గొర్రెల వెంట నడిచిన మనిషి.

"గొర్రెనైతే తల వంచి లోపలికి తోల్తాము. దీనికి తల యాడుండాది?" అన్నాడు.

మిషను అమ్మిన యువరాజ్ చెమట తుడుచుకుంటూ, "మిషను నాది, వాకిలి మీది. వాకిలికి నేను గ్యారంటీ ఇయ్యలేదు యజమానీ" అన్నాడు.

అట్లా ఆ మిషను అరుగు మీదే నిలబడిపోయింది. మూడో రోజుకు అరుణ భర్త తిరుపాల్ పైన రేకు వేయించి, పక్కన ఒక చెక్క అడ్డం కొట్టించాడు. అతను ఎర్రమంచి దిక్కు ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. అరుగు అంచున ఒక బల్ల, బల్ల మీద లామినేషన్ మిషను, వెనక పాత కంప్యూటరు, దానికో చిన్న ప్రింటరు. 'జిరాక్సు, లామినేషన్, అన్ని రకాల ఫారాలు' అని బోర్డు. ఒక పేజీ రెండు రూపాయలు.

ఈ దేశంలో మనిషిని మనిషి నమ్మడు. కాగితాన్ని నమ్ముతాడు. ఆ కాగితానికి కూడా జిరాక్సు అడుగుతాడు. నేను డిగ్రీ చదివిన నాటి నుంచి నా మార్కుల మెమోలు ఎన్నిసార్లు జిరాక్సు తీయించానో లెక్క లేదు. ఆ కాపీలన్నీ ఏ ఆఫీసు అటక మీద ఎలుకలు కొరుకుతున్నాయో కూడా తెలియదు. అయినా అరుణ అరుగు మీద మొదటి బోణీ నాదే. ఆమె నా మెమోను అద్దం మీద బోర్లించి, మూత మెల్లగా దించి, బటన్ నొక్కి, వచ్చిన కాపీ కంటే ముందు ఒరిజినల్ నా చేతికిచ్చింది.

"ముందు నీది నువ్వు తీసుకో అప్పా. మూత కింద మర్సిపోయి పోయేవాళ్లే ఎక్కువ" అంది.

ఆ అలవాటు ఆమెకు ధర్మవరంలో వచ్చింది. పెళ్లికి ముందు అక్కడ ఒక జిరాక్సు షాపులో పని చేసింది. చీరల అంచుల డిజైన్లు గళ్ల కాగితాల మీద గీసుకొని నేతవాళ్లు తెచ్చేవాళ్లు. గడి గడీ కనబడేటట్టు పెద్దది చేసి ఇవ్వాలి. ఒక గీత మసకబారినా మగ్గం మీద ఒక పోగు తప్పుతుంది. ఆ షాపులో జీతానికి చేసిన పని సొంతంగా చేయాలని పెళ్లయిన నాటి నుంచి అనుకుంటూనే ఉంది. చేతిలో డబ్బు లేదు. చివరికి మామే పొట్టేళ్లు అమ్మి ఇచ్చాడు. మిషను యాభై అయిదు వేలు, లామినేషన్ మిషను నాలుగున్నర వేలు, కరెంటు ఎగుడుదిగుడులకు స్టెబిలైజరు, కంప్యూటరు, రేకు, బల్ల అన్నీ కలిపి ఎనభై వేలు దాటింది. కాగితం, మిషనులో పోసే నల్ల పొడి, కరెంటు పోను పేజీకి ఒక రూపాయి పైచిలుకు మిగులుతుంది. ఆ రూపాయి కోసమే రోజంతా నిలబడాలి.

సందు మొదట్లో జగదీష్ నెట్ సెంటరు ఉంది. అద్దాల తలుపు, ఫ్యాను గాలి, రంగుల ప్రింటు. అరుణ అరుగు వైపు చూసి అతను నవ్వేవాడు. అయినా ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు చెప్పులు విప్పి అద్దాల తలుపు తోయాలంటే జంకేవాళ్లు. అరుగు దగ్గర జంకు లేదు. నిలబడి, "మ్మే, ఈ కాగితం ఇంగోటి చేసీ" అంటే సరిపోతుంది.

మూడు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత మారప్ప స్లిప్పు వచ్చింది.

ఆయన ఇంకో నాలుగు పొట్టేళ్లు అమ్మి, ఆ డబ్బు ఊళ్లో చేతి మిషనుతో తిరిగే బ్యాంకు మనిషి దగ్గర ఖాతాలో వేశాడు. ఆ మిషనులోంచి వచ్చిన చిన్న తెల్ల స్లిప్పు పట్టుకొని నేరుగా అరుగు దగ్గరికి వచ్చాడు. చదువు రాని మనిషికి ఆ ముక్కే డబ్బు. వాన పడితే తడుస్తుంది, కంబళిలో పెడితే నలుగుతుంది.

"దీనికి ఆ గాజు తొడుగు ఏసియ్యి మ్మే. నేను సచ్చేదాకా ఉండల్ల" అన్నాడు.

కోడలికి సంబరం. మామ మొదటిసారి గిరాకీగా వచ్చాడు. స్లిప్పును తొడుగు మధ్యలో తిన్నగా పెట్టి, మూసి ఉన్న అంచు ముందుగా వేడి మిషనులోకి పంపింది. అటువైపు నుంచి వచ్చింది చూసి ఇద్దరూ దాని మీదికి వంగారు. లోపలి కాగితం ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లగా, పెనం అడుగులా ఉంది. అంకె లేదు, అక్షరం లేదు.

ఆ రకం కాగితం మీద సిరా ఉండదు. వేడి తగిలిన చోటల్లా నల్లబడుతుంది, దాని మీద అక్షరం పడేదే అట్లా. ఆ సంగతి అరుణకు తెలియదు. ధర్మవరంలో ఆమె లామినేషన్ ఎప్పుడూ చేయలేదు.

"నా దుడ్లు కాల్చేస్తివి కదమే!" మారప్ప కేక సందు చివరి దాకా వినిపించింది.

"మామా, దుడ్లు బ్యాంకులో ఉంటాయి. కాగితం కాలితే దుడ్లు కాలవు."

"కాగితమే కదా బ్యాంకు నాకిచ్చింది! ఇంగేమన్నా ఇచ్చినాదా?"

మర్నాడు అరుణ ఆయన్ను వెంటబెట్టుకొని బ్యాంకుకు పోయి పాసుపుస్తకంలో అచ్చు వేయించింది. డబ్బు చెక్కుచెదరలేదు. కానీ అప్పటికే కథ ఊరు దాటింది. గొర్రెల మంద దగ్గర జతగాళ్లు, "ఏం మారప్పా, కోడలు నీ పొట్టేళ్లను కాల్చి తొడుగేసిందంట కదా" అని ఆడుకున్నారు. జగదీష్ తన షాపులో కూర్చొని, "ఆడికి పోతే మీ కాగితాన్ని బొగ్గు చేసి ఇస్తారు, పోండి" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. అరుగు మీద లామినేషన్ మిషను చల్లబడిపోయింది. జిరాక్సు గిరాకీ కూడా సగమైంది.

ఇంకెవరైనా అయితే ఆ నల్ల ముక్కను పొయ్యిలో పారేసేవాళ్లు. అరుణ దానికి బెజ్జం చేసి, దారం కట్టి, బోర్డు కింద అందరికీ కనబడేటట్టు వేలాడదీసింది. కింద ఒక కాగితం అంటించింది: 'ఇది నేను చేసిన తప్పు. ఇలాంటి రసీదు తెస్తే ముందు జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకే లామినేషన్ చేస్తాను. రసీదు రసీదుగానే ఉంటుంది.'

తప్పును దాచుకోవడమే బతుకుతెరువైన ఊళ్లో ఆ ముక్క గాలికి ఊగుతుంటే నాకు ఎందుకో ఛాతీ నిండింది.

మారప్పకు మాత్రం ఒళ్లు మండింది. అందులో ఏం రాసి ఉందో ఎవరో చదివి చెప్పారు.

"నా పరువు తీసి గోడకు కడ్తివా?" అని అరుగు మీద నిలబడి అరిచాడు. "తిరుపాలూ, ఇనుకో. ఆ హిందూపురమాయనకు ఫోన్ చేయ్. వచ్చే సోమారం వచ్చి వాని మిషను వాడు తీసుకోని పోవల్ల. ఎంతిస్తే అంత. ఆ దుడ్లతో నేను పిల్లలు కొనుక్కుంటా."

గొర్రెపిల్లలను ఆయన పిల్లలనే అంటాడు.

తిరుపాల్ తండ్రికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఫోన్ చేశాడు. యువరాజ్ ముప్పై వేలకు మించి ఒక్క పైసా ఇవ్వనన్నాడు. మారప్ప సరే అన్నాడు. అరుణ ఆ రాత్రి బల్ల సర్దేసింది. మిషను ఆపి, చల్లబడేదాకా ఆగి, పైన పాత చీర కప్పి, చీర అంచులు గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టింది. వచ్చే సోమవారం దాకే ఆ మిషను ఆమెది. అది పోతే మళ్లీ ఎనభై వేలు ఈ జన్మలో చేరదని ఆమెకు తెలుసు. సందులో అందరికీ తెలుసు.

ఆ సోమవారానికి ముందు శనివారం ఒకటి వచ్చింది.

శుక్రవారం సాయంత్రం అందరి ఫోన్లలోకీ ఒక కబురు వచ్చి పడింది. ఫ్యాక్టరీలకు మనుషులను పెట్టే కాంట్రాక్టరు కంపెనీ ఒకటి మర్నాడు ఊరి బయట కళ్యాణ మండపంలో ఇంటర్వ్యూలు చేస్తుందట. బయోడేటా, అన్ని మెమోలు, ఆధార్, మూడేసి కాపీలు. మధ్యాహ్నం ఒంటిగంటకు తలుపులు మూస్తారు. ఈ కబురుకు ముందే ఇంకో కబురు ఉంది. లైన్ల మరమ్మతు కోసం శనివారం పొద్దున్నించి సాయంత్రం దాకా పెనుకొండలో కరెంటు ఉండదు. రెండు కబుర్లు పంపినవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మధ్యలో నలిగేది ఎప్పుడూ మనమే.

శనివారం తొమ్మిదిన్నరకు బస్సులు దిగినవాళ్లంతా మా సందులో ఉన్నారు. అమరాపురం, గుడిబండ, ధర్మవరం, అన్ని వైపుల నుంచీ. ఒక్కొక్కరి చంకలో ఒక ప్లాస్టిక్ ఫైలు. జగదీష్ షాపులో ఇన్వర్టరు ఉంది, కానీ అది లైటుకూ కంప్యూటరుకూ చాలుతుంది. జిరాక్సు మిషను వేడెక్కేటప్పుడు తాగే కరెంటు ముందు అది నిలబడదు. అతను ఒకసారి ప్రయత్నిస్తే కీచుమని అరిచి ఆగిపోయింది. అద్దాల తలుపు మూసుకొని బయట నిలబడ్డాడు. ఫైలు పట్టుకొని నేనూ ఆ గుంపులోనే తిరుగుతున్నాను.

మారప్ప అరుగు మీద బీడీ కాలుస్తూ ఇదంతా చూస్తున్నాడు. గుంపు ఇటు వస్తుంది, చీర కప్పిన మిషనును చూస్తుంది, "కరెంటు లేదక్కా?" అంటుంది, అటు పోతుంది. గుడిబండ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మెట్టు మీద కూలబడి ఏడుపు ఆపుకుంటోంది. ఆయన బీడీ ఆర్పాడు.

"ఏమే అరుణా, ఈళ్లంతా నీ మిషను కోసరం వచ్చినోళ్లేనా?"

"అవును మామా."

"అందురూనా?"

"అందురూ."

ఆయన లేచి నిలబడ్డాడు. "సంత నిండా జనం నిలబడి ఉంటే సరుకు మీద గుడ్డ కప్పి కూసుంటివి! యాడన్నా ఉండాదా ఇట్లాంటి యాపారం?"

"కరెంటు లేదు కదా మామా. ఏం చేయమంటావు?"

"శంకరప్ప కాడ జనరేటరు ఉండాది గదా. ఆషాడం. పెండ్లిండ్లు లేవు, దండగ్గా పడి ఉండాది."

శంకరప్ప షామియానాల షాపు నడుపుతాడు. జాతరలకూ పెళ్లిళ్లకూ మారప్ప దగ్గరే పొట్టేళ్లు కొంటాడు. అరుణ ఇంకా ఏదో అనేలోపే ముసలాయన పంచె ఎగగట్టి సందు దాటేశాడు. అరగంట తిరక్కుండా లగేజీ ఆటోలో జనరేటరు, ముందు సీట్లో మారప్ప, వెనక వైరు చుట్టలు పట్టుకొని శంకరప్ప. దిగుతూనే, "జరగండి, జరగండ్రప్పా, కరెంటు వస్తాండాది" అని దారి చేసుకుంటూ వచ్చాడు, తనే కరెంటు అయినట్టు.

అరుణ ఇంటి ప్లగ్గులోంచి వైరు పీకి, స్టెబిలైజరును నేరుగా జనరేటరు బోర్డుకు తగిలించింది. లామినేషన్ మిషను ప్లగ్గు తీసి పక్కన పడేసింది.

"ఇయ్యాల అది వద్దు. రెండూ వేడెక్కితే దీని ఊపిరి ఆగిపోతాది" అంది.

జనరేటరు దడదడలాడింది. స్టెబిలైజరు ముల్లు కాసేపు ఊగి ఒకచోట నిలిచింది. అప్పుడు చీర లాగి మిషను ఆన్ చేసింది. అది వేడెక్కే ఆ రెండు నిమిషాలు సందు మొత్తం ఊపిరి బిగబట్టింది. పచ్చలైటు వెలిగింది. ఈలలు వేశారు. గుడిబండ అమ్మాయి కళ్లు తుడుచుకొని అందరికంటే ముందు నిలబడింది.

ఆషాఢం గాలి మా దగ్గర మామూలుగా వీయదు. కాపీలు ట్రేలోంచి లేచి సందులోకి ఎగరబోయాయి. అరుణ అత్త దాసమ్మ లోపలి నుంచి పచ్చడి బండ తెచ్చి, ట్రే పక్కన పీట వేసుకొని కూర్చుంది. వచ్చిన కాగితం మీద వచ్చినట్టే బండ. ఎవరిది వాళ్లకు తీసివ్వడం ఆమె పని.

"అక్కా, పైన కాగితాలను లోపలికి తోసే తట్ట ఉంది గదా, అన్నీ ఒకేసారి అందులో వేస్తే సరసరా వస్తాయి" అన్నాడు ధర్మవరం కుర్రవాడు.

"వస్తాయప్పా. పాత మెమో ఇరుక్కుంటే నలిగి వస్తాది. నీ మెమో నలిగితే మళ్లీ దాని కోసరం ఎన్ని దినాలు తిరుగుతావు? చేత్తోనే పెడతా. ఆగు."

ఒక్కొక్క ఒరిజినల్ అద్దం మీద పెట్టడం, మూత దించడం, మూడు కాపీలు, మూత ఎత్తడం, ముందు ఒరిజినల్ చేతికివ్వడం. ఆధార్ అయితే ముందు వెనక ఒకే పేజీలో. అంత తొందరలో కూడా ఆ వరస తప్పలేదు. ఒకసారి కాగితం ఇరుక్కుంది. పక్క తలుపు తెరిచి, చిరగకుండా రెండు చేతులతో మెల్లగా లాగి తీసింది. పొడి అయిపోతోందని ఎర్రలైటు వెలిగితే సీసా బయటికి తీసి, అటూ ఇటూ పక్కలకు ఊపి మళ్లీ పెట్టింది. మిషను దారికొచ్చింది.

పదకొండు దాటాక లైను వంకర్లు తిరిగి జగదీష్ షాపు ముందు దాకా పోయింది. ఆ లైనులో మెల్లగా, తల పక్కకు తిప్పుకొని జగదీష్ కూడా ఉన్నాడు. చేతిలో తమ్ముడి ఫైలు.

అతని వంతు వచ్చేసరికి దాసమ్మ బండ ఎత్తి పట్టుకుంది.

"ఏం జగదీషూ, దారి తప్పినావా? ఈడ బొగ్గు చేసి ఇస్తారంటనే, చూసుకోని ఈయి నాయనా!"

లైను మొత్తం నవ్వింది. జగదీష్ చెవులు ఎర్రబడ్డాయి. "పోనీలే పెద్దమ్మా" అని, అరుణ వైపు వంగి, "ఇయ్యాల పేజీ పది రూపాయలు చేయ్ అరుణమ్మా. ఎవురూ కాదనరు. జనరేటరు ఖర్చు ఉండాది గదా" అన్నాడు.

"బోర్డు మీద రెండు అని రాసి పెట్టినా జగదీషన్నా. కరెంటు వచ్చినాక ఆ బోర్డు ఏం మొగం పెట్టుకోని చదవల్ల?"

అతని తమ్ముడి కాగితాలు సగంలో ఉండగా మిషను ఆగింది. కాగితం అయిపోయింది. ఇంట్లో ఇంకో బండిల్ లేదు. అమ్మే షాపులు రెండు వీధుల అవతల. గడియారం పన్నెండు దగ్గర పడుతోంది. అరుణ ఖాళీ ట్రే లాగి చూసింది. జగదీష్ తమ్ముడి ఫైలు చూశాడు, తన మూసిన తలుపు చూశాడు, వెనకున్న లైను చూశాడు.

"నా కాడ ఆరు బండిళ్లు ఉండాయి" అన్నాడు.

"తేన్నా. నీ రేటు నీకిస్తా."

పరుగెత్తాడు. అద్దాల తలుపు తీసి భుజాన మూడు, చంకన మూడు మోసుకొచ్చాడు. మారప్ప ఎదురుపోయి ఒక బండిల్ అందుకుంటూ, "మెల్లగా రా అబ్బా, సరుకు కింద పడ్తాది" అని హెచ్చరించాడు. అరుణ బండిల్ విప్పి, కాగితాలు విసనకర్రలా విదిల్చి ట్రేలో పెట్టింది. మిషను మళ్లీ కదిలింది.

పన్నెండున్నరకు లైనులో చివరివాడు కాపీలు తీసుకొని మండపం వైపు పరుగెత్తాడు. ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది వేరే సంగతి. నాకు రాలేదు. కానీ ఆ రోజు కాపీ లేదన్న కారణంతో గేటు దగ్గర ఎవరూ ఆగిపోలేదు. ఈ ఊళ్లో ఇన్నేళ్లుగా నేను చూసిన ఆఫీసులన్నీ కలిసి కూడా అంత పని ఒక పూటలో చేయలేదు.

సోమవారం పొద్దున్నే యువరాజ్ లగేజీ ఆటోతో, నలుగురు మనుషులతో దిగాడు. నేను మా గడపలోనే నిలబడి ఉన్నాను. అరుణ బల్ల వెనక నుంచి లేవలేదు, మామ వైపే చూస్తోంది. తిరుపాల్ ఆ రోజు డ్యూటీకి కూడా పోలేదు.

మారప్ప మిషను పక్కనే పీట వేసుకొని కూర్చున్నాడు.

"ఎత్తమంటావా యజమానీ?" అన్నాడు యువరాజ్.

"ఏందప్పా ఎత్తేది?"

"మిషను. సోమారం రమ్మంటిరి కదా."

"రమ్మన్న్యా. కాపీ మీద సన్న గీత ఒకటి పడ్తాండాది, కంటికి కనపడలేదా నీకు? పై నుంచి కింది దాకా. అదేదో డ్రమ్ము అంటాదే మా కోడలు, అది మార్చి పో."

"దానికి డబ్బులవుతాయి."

"అయితే ఇస్తాది. షాపు ఆమెది. నాకెందుకు చెప్తాండావు?"

అరుణ తల వంచుకుని బల్ల సొరుగు తెరిచి మూసింది, మళ్లీ తెరిచింది. నవ్వు దాచుకోవడానికి సొరుగు చాలలేదు. తిరుపాల్ బస్సు తాళాలు జేబులోంచి తీసి, "నేను డ్యూటీకి పోతా" అని పరుగు తీశాడు. యువరాజ్ ఒకసారి మిషను వైపు, ఒకసారి ఆటో వైపు చూసి, మనుషులను టీకి పంపి, పానాల సంచీ విప్పాడు.

పని ముగిశాక మారప్ప చొక్కా లోపలి నుంచి పాసుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ మొదటి పేజీ జిరాక్సు తీ. జిరాక్సుకు తొడుగు ఏయి. పుస్తకానికి కాదు."

"ఎరికే మామా."

అరుణ కాపీ తీసి, పాసుపుస్తకం ముందు ఆయన చేతికిచ్చి, కాపీని తొడుగులో పెట్టి వేడి మిషనులోకి పంపింది. ఆయన వంగి, అది బయటికి వచ్చే చోటనే కన్ను పెట్టాడు.

"నల్లగా రాదు కదా?"

"చూస్తాండు మామా."

తెల్లగా, మెరుస్తూ, ఆయన పేరుతో సహా బయటికి వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకొని ఆ పక్కా ఈ పక్కా చూశాడు. చదవలేడు, అయినా చాలాసేపు చూశాడు. తర్వాత బోర్డు కింద గాలికి వెనక్కి తిరిగిపోయిన తన నల్ల స్లిప్పును పట్టుకొని, సందులో పోయేవాళ్లకు కనబడేటట్టు మళ్లీ ముందుకు తిప్పి కట్టాడు.